రాత్రి బస్సుల్లో గడిచే నెలను సరిచేసుకోవడం ఎలా: టూర్లు తిరిగే ఉద్యోగులకు

‘టూర్లు తగ్గించమని పైవాళ్ళను అడగలేను, ఇంట్లో మాట పడలేను, ఆఫీసుకు వెళితే అక్కడ ఉండిపోయిన వాళ్ళ ముఖాలు చూడలేను, ఏం చేయమంటారు?’ అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. అడిగేవాళ్ళలో మందుల కంపెనీల వాళ్ళు, విత్తనాల వాళ్ళు, మిర్చి ఎగుమతి వాళ్ళు, యంత్రాలు బాగుచేసే వాళ్ళు, అందరూ ఉన్నారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఉండి, మిర్చి కోల్డ్ స్టోరేజీల్లోని అమ్మోనియా యంత్రాల మరమ్మతు పని మీద పదహారేళ్ళు తిరిగినవాణ్ణి. అందులో పన్నెండేళ్ళు తప్పుగా తిరిగాను. ఆ తప్పు ఎక్కడుందో, దాన్ని ఎలా సరిచేసుకున్నానో వరుసగా చెబుతాను.

ముందుగా ఒక్క మాట చెప్పాలి. మనం టూర్లను రోజుల్లో లెక్కపెడతాము, ఎందుకంటే టూరుకిచ్చే డీఏ, అంటే దినభత్యం, రోజుల లెక్కన వస్తుంది. ఒంటికీ ఇంటికీ జరిగే నష్టం మాత్రం రాత్రుల్లో జరుగుతుంది. అందువల్ల ఈ పద్ధతి అంతటికీ రాత్రుల లెక్కే ఆధారం.

కావలసినవి

రెండు నెలల టూరు బిల్లులు, ఒక మామూలు నోటుపుస్తకం, ఇంట్లో గోడకు తగిలించిన క్యాలెండరు, మోచేతికి పైన పట్టీ చుట్టే రకం బీపీ యంత్రం, మీ టూర్ల తేదీలను కొంతవరకైనా మీరే నిర్ణయించగల వీలు. ఈ చివరిది బొత్తిగా లేనివాళ్ళకు మూడో మెట్టు పనిచేయదు. వాళ్ళు రెండో మెట్టు దాకా చేసి, ఆ కాగితాన్ని తేదీలు నిర్ణయించే వాళ్ళ ముందు పెట్టాలి.

1. గడిచిన నాలుగు వారాలను రాత్రుల లెక్కన రాయండి

జ్ఞాపకం మీద ఆధారపడకుండా బిల్లులు ముందు పెట్టుకుని రాయండి. ప్రతి టూరుకూ ఐదు గడులు చాలు: ఊరు, అక్కడ పని చేసిన రోజులు, బండిలో గడిచిన రాత్రులు, లాడ్జిలో గడిచిన రాత్రులు, తిరిగి వచ్చిన మర్నాడు పనికిరాకుండా పోయిన పూటలు. చివరి గడిని చాలామంది వదిలేస్తారు, కానీ అసలు సంగతి అక్కడే ఉంటుంది. తెల్లవారుజామున పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో దిగి, ఇంటికి వెళ్ళి స్నానం చేసి పదింటికి ఆఫీసులో కూర్చున్న మనిషి ఆ పూట చేసేది పని కాదు, హాజరు మాత్రమే.

నా పాత పుస్తకంలోని ఒక నవంబరు లెక్క ఇది. హైదరాబాదుకు మూడుసార్లు, ప్రతిసారీ రాత్రి బస్సులో వెళ్ళి, ఒక పగలు పనిచేసి, మళ్ళీ రాత్రి బస్సులో వచ్చాను. చెన్నైకి ఒకసారి, అదే పద్ధతిలో. కర్నూలుకు రాత్రి బస్సులో వెళ్ళి, రెండు రోజులు పనిచేసి, మధ్యలో ఒక రాత్రి లాడ్జిలో ఉండి, రాత్రి బస్సులోనే తిరిగి వచ్చాను. ఖమ్మానికి ఉదయం వెళ్ళి రాత్రికి వచ్చాను. వరంగల్లుకు వేరే వారంలో వెళ్ళి, ఒక రాత్రి అక్కడ ఉండి, రెండో రోజు రాత్రికి ఇల్లు చేరాను. ఆఫీసు రిజిస్టరులో ఇవన్నీ కలిపి తొమ్మిది రోజుల టూరు. రాత్రుల్లో చూస్తే బండిలో పది, లాడ్జిలో రెండు. అంటే ఇరవై ఎనిమిది రాత్రుల్లో పన్నెండు నా మంచం మీద పడుకోలేదు. పాడైన పూటలు ఐదు. ‘నెలకు తొమ్మిది రోజులే కదా తిరిగేది’ అని నేను ఇంట్లో వాదించిన ప్రతిసారీ మా ఆవిడ ఎందుకు నమ్మలేదో ఆ కాగితం చూశాకే నాకు అర్థమైంది.

2. ప్రతి టూరునూ చేయి, కన్ను, మాట అని విడదీయండి

వెళ్ళిన ప్రతి పనినీ మూడు రకాల్లో ఒకదాని కింద రాయండి. మీరు స్వయంగా పనిముట్టు పట్టుకోవలసినది చేయి పని. చూసి నిర్ధారించవలసినది కన్ను పని. మాట్లాడితే సరిపోయేది మాట పని. కంప్రెసర్ విప్పి ఓవర్‌హాలింగ్ చేయడం చేయి పని. దానికి వెళ్ళక తప్పదు. ఆయిల్ మట్టం, ప్రెషర్ మీటర్ల అంకెలు చూడడం కన్ను పని. అక్కడి ఆపరేటరు వీడియో తీసి పంపితే సగంసార్లు సరిపోతుంది. నెలవారీ సమీక్ష మాట పని.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బాకీ వసూలును మాట పనిగా అనుకుని ఫోనుకు మార్చకండి. మన ప్రాంతపు వ్యాపారంలో మనిషి ఎదురుగా కూర్చుంటే వచ్చే డబ్బు ఫోనులో రాదు. అలాగే కొత్త ఖాతాదారుణ్ణి మొదటిసారి కలవడం కూడా చేయి పని కిందే లెక్క. నేను ఈ రెండింటినీ ఫోనుకు మార్చి, మూడు నెలల తరువాత వెనక్కి తెచ్చుకున్నాను.

3. మిగిలిన టూర్లను కలపండి, పగటికి మార్చండి

ఇప్పుడు నా నవంబరునే తిరగరాసి చూపిస్తాను.

హైదరాబాదు పనుల్లో ఒకటి సమీక్ష. అది వీడియో కాలుకు మారింది. మిగిలినవి బాకీ వసూలు, విడిభాగాల అనుమతి. ఈ రెండింటినీ ఒకే టూరులో పెట్టాను. ఉదయం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి, మధ్యాహ్నం ఒక పని చూసుకుని, రాత్రి లాడ్జిలో నిద్రపోయి, మర్నాడు రెండో పని ముగించి, సాయంత్రం బండికి తిరిగి వచ్చాను. చెన్నై కూడా అంతే. పినాకిని ఎక్స్‌ప్రెస్ తెల్లవారుతూనే విజయవాడలో బయలుదేరి మధ్యాహ్నానికి చెన్నై చేరుస్తుంది, మర్నాడు మధ్యాహ్నం అక్కడ ఎక్కితే రాత్రికి ఇంట్లో ఉంటాము. ఖమ్మం, వరంగల్లు ఒకే రైలుమార్గంలో ఉన్నాయి కదా, వాటికి వేర్వేరు వారాల్లో ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. ముందు వరంగల్లు వెళ్ళి, ఒక రాత్రి ఉండి, తిరుగు ప్రయాణంలో ఖమ్మంలో దిగి పని చూసుకుని వచ్చాను. కర్నూలుకు మాత్రం వెళ్ళేటప్పుడు రాత్రి బస్సు తప్పలేదు. అక్కడ ఒక రాత్రి లాడ్జిలో ఉండి, రెండో రోజు మధ్యాహ్నం దాకా పనిచేసి, పగటి బస్సు ఎక్కాను.

మొత్తం నాలుగు టూర్లు, ఎనిమిది రోజులు. బండిలో ఒక్క రాత్రి, లాడ్జిలో నాలుగు. రోజులు తొమ్మిది నుంచి ఎనిమిదికే తగ్గాయి, రాత్రులు మాత్రం పన్నెండు నుంచి ఐదుకు తగ్గాయి, పాడైన పూటలు లేకుండా పోయాయి. గుంటూరులో ఉండేవాళ్ళకు శాతవాహనకు బదులు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ పనికొస్తుంది. రైలు సమయాలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు తీసేముందు చూసుకోవాలి.

సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, కలిపిన టూరులో మిగిలిన గంటలోకి ఇంకో చిన్న పనిని దూర్చడం. రెండు పనుల టూరు మూడు పనులదైతే సాయంత్రం బండి తప్పుతుంది, చివరికి రాత్రి బస్సే గతి అవుతుంది. రెండో పొరపాటు నెలంతా నింపేయడం. మిర్చి కోతలు మొదలై స్టోరేజీలు నిండే ఫిబ్రవరి నుంచి మే వరకు, ఎప్పుడు ఏ యంత్రం ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. మీ పనిలోనూ అలాంటి నెలలు ఉంటాయి. ఆ నెలల్లో ఒక వారాన్ని ఏ టూరూ రాయకుండా ఖాళీగా ఉంచండి. అత్యవసరం వస్తే అక్కడ పడుతుంది. అప్పుడు కూడా రెండు రాత్రి ప్రయాణాలు వరుసగా చేయకూడదన్న ఒక్క నియమాన్ని తప్పకండి.

4. మేనేజరుకు కాగితం చూపించండి, బాధ చెప్పకండి

‘ఆరోగ్యం పాడవుతోంది సార్’ అంటే సానుభూతి వస్తుంది, లాడ్జి అనుమతి రాదు. పాత నెల, కొత్త నెల పక్కపక్కన రాసి చూపించండి: రానుపోను ఛార్జీలు ఏడు నుంచి నాలుగుకు తగ్గాయి, లాడ్జి రాత్రులు రెండు నుంచి నాలుగుకు పెరిగాయి, ఆఫీసులో ఐదు పూటలు తిరిగి దక్కాయి. నా విషయంలో ఖర్చు దాదాపు సమానంగా తేలింది. మీకు కొంచెం ఎక్కువ తేలితే దాచకుండా అదే చెప్పి, రెండు నెలలు చూడమని అడగండి.

5. బయలుదేరే ముందు రోజు పని అప్పగించండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన మెట్టు ఇదే, ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే. వెనక ఉండిపోయిన వాళ్ళకు మన మీద కోపం మన డీఏ చూసి వస్తుందని చాలాకాలం అనుకున్నాను. కొంత అదీ ఉంటుంది. కానీ అసలు కోపం వేరు. నేను కర్నూలు టూరులో ఉన్నప్పుడు మా ఆఫీసు బల్ల దగ్గర ఉండే సహోద్యోగికి ఒక స్టోరేజీ యజమాని ఫోను చేసి, ‘శుక్రవారానికల్లా కంప్రెసర్ సీలు పంపిస్తానని మీవాడు మాటిచ్చి వెళ్ళాడు, ఏదయ్యా?’ అని అరిచాడు. ఆ మాట నేను ఇచ్చినట్టు ఆ సహోద్యోగికి తెలియదు. నేను ఫోను ఎత్తలేదు, బస్సులో నిద్రపోతున్నాను. తిరిగి వచ్చాక ఆయన నాతో అన్నది ఇదే: ‘అన్నా, తిట్లు తినడానికి నాకేమీ అభ్యంతరం లేదు, దేనికి తింటున్నానో ముందు చెప్పి వెళ్ళు.’

అప్పటినుంచి బయలుదేరే ముందు రోజు సాయంత్రం నాలుగింటికి ఒక కాగితం రాసి, చేతికిచ్చి, పది నిమిషాలు కూర్చుని చదివించడం అలవాటు చేసుకున్నాను. వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకుంటే అది అప్పగింత కాదు. ఆ కాగితంలో మూడు సంగతులు ఉండాలి. మొదటిది, నేను ఎవరికి ఏ మాట ఇచ్చాను, ఎప్పటికి. రెండోది, ఆ మాట నిలవకపోతే వాళ్ళకు ఏం చెప్పాలి. మూడోది, నన్ను అడగకుండా తను ఎంతవరకు నిర్ణయించవచ్చు.

ఉదాహరణకు ఆ సీలు సంగతి ఇలా రాసి ఉండవలసింది: ‘నరసరావుపేట రోడ్డు స్టోరేజీకి కంప్రెసర్ షాఫ్టు సీలు శుక్రవారానికి ఇస్తానన్నాను. సరుకు చెన్నై నుంచి రావాలి. గురువారం సాయంత్రానికి పార్సిలు రాకపోతే మీరే ఫోను చేసి సోమవారం అని చెప్పండి. అంతదాకా ఆ కంప్రెసర్ నడపవద్దని, అమ్మోనియా కారుతుందని, రెండో కంప్రెసర్ మీద నడుపుకోమని గట్టిగా చెప్పండి. కొరియర్ బదులు మనిషిని పంపించి తెప్పించవలసి వస్తే రెండు వేల వరకు నన్ను అడగకుండా ఖర్చు పెట్టవచ్చు.’ ఆ చివరి వాక్యానికి మేనేజరు ఒప్పుకోలు ముందే తీసుకోవాలి. అది లేని అప్పగింత బరువు మాత్రమే అప్పగిస్తుంది.

తిరిగి వచ్చాక మొదటి అరగంట మీరు మాట్లాడకండి, వినండి. ఏం జరిగిందో అడగండి, వాళ్ళు తీసుకున్న నిర్ణయాన్ని అందరి ముందూ తిరగదోడకండి. సరిదిద్దవలసి వస్తే విడిగా చెప్పండి. టూరు నివేదికలో వాళ్ళ పేరు రాయండి: ‘నేను లేని సమయంలో ఈ ఫిర్యాదును ఫలానావారు పరిష్కరించారు’ అనే ఒక్క పంక్తి. ఇంకొకటి కూడా ఉంది. టూరు మనిషినన్న పేరుతో సంక్రాంతికో దసరాకో సెలవు మొదట మీకే కావాలని అడగకండి. ఏడాదంతా ఆఫీసు కనిపెట్టుకుని ఉన్న మనిషికి ఆ పండుగ మొదటి హక్కు. నేను ఒక సంక్రాంతికి ఈ మాట తప్పి, ఆరు నెలలపాటు పొడి మాటలు విన్నాను.

ఆఫీసులో మీ పని చూసే మనిషి విడిగా లేకపోతే, ఆ కాగితాన్నే ఖాతాదారులకు పంపే సందేశంగా మార్చుకోవచ్చు: ఏ రోజుల్లో దొరకను, ఎన్నింటికి తిరిగి ఫోను చేస్తాను, అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి.

6. దారిలో ఒంటిని చూసుకోండి

పొద్దున్న బస్సు దిగి బెంజ్ సర్కిల్ మీదుగా సొంత మోటారు సైకిలు నడుపుకుంటూ వెళ్ళవద్దు, ఆటో ఎక్కండి. స్లీపరు బస్సులో పడుకున్నంత మాత్రాన నిద్రపోయినట్టు కాదు, తగిన నిద్ర లేని మనిషి బండి నడపడం తాగి నడపడంతో సమానం. పెద్దవాళ్ళకు రోజుకు ఏడు గంటల నిద్ర కావాలి. బస్సులో అది దొరకదని ముందే ఒప్పుకుని, ఆ మర్నాటి రాత్రి తొందరగా పడుకోండి. పగలంతా నిద్రపోతే రాత్రి నిద్ర పట్టదు, అదొక పొరపాటు.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గంటకొకసారి మడమలు నేలకు ఆనించి వేళ్ళు పైకెత్తి, మళ్ళీ వేళ్ళు ఆనించి మడమలెత్తి, ఇరవైసార్లు చేయండి. బస్సు ఆగిన చోటల్లా దిగి నడవండి. దారిలో దిగవలసి వస్తుందని నీళ్ళు తాగడం మానేయకండి. రెండు కాళ్ళూ కాస్త బరువెక్కడం మామూలే. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. దానితోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

తిండి సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. హైవే హోటల్లో రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని పడుకోవడం కంటే, ఎనిమిదింటికి ఇంట్లోనే తిని బయలుదేరడం మేలు. పచ్చడి డబ్బా వెంట తీసుకెళ్ళేవాళ్ళు, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్ళు, ఉప్పును లెక్కలో పెట్టుకోండి. రోజు మొత్తానికి ఒక చెంచా ఉప్పు, అంటే ఐదు గ్రాముల లోపే ఉండాలి. షుగరు మాత్రలు వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే కొన్ని రకాల మాత్రలతో షుగరు పడిపోతుంది. చెమట పట్టి వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, ఆ తరువాత అన్నం తినాలి. మాత్రలు ఎప్పుడూ ఒంటిమీది సంచిలోనే ఉండాలి, బస్సు డిక్కీలో పెట్టిన పెట్టెలో కాదు.

7. ఇంటి క్యాలెండరును ముందు నింపండి

టూర్లు రాసుకున్నాక మిగిలిన రోజులు ఇంటికిస్తే ఏమీ మిగలదు. నెల మొదట్లో ఇంటివాళ్ళతో కూర్చుని, మీరు తప్పక ఉండవలసిన రెండు రోజులు వాళ్ళచేతే రాయించండి. మాది ఒకటి పిల్లల బడి సమావేశం, ఇంకొకటి అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే రోజు. టూరు తేదీలు వాటి చుట్టూ రావాలి. రెండే అడగండి, పది రాయించుకుని ఎనిమిది తప్పితే అసలు రాయించుకోకపోవడమే నయం.

దూరంగా ఉన్నప్పుడు ఫోనుకు ఒక సమయం పెట్టుకోండి, ఐదు నిమిషాలైనా సరే. ఫోనులో బడి మార్కులు అడగడంతో మొదలుపెడితే పిల్లలు ఫోను అమ్మకిచ్చేసి వెళ్ళిపోతారు.

ఇంటికి వచ్చిన రోజు జరిగే పెద్ద పొరపాటు, రాగానే ఇంటి పద్ధతులు సరిదిద్దడం. మీరు లేని నాలుగు రోజులూ ఇల్లు ఒక క్రమంలో నడిచింది. పాలవాడి లెక్క దగ్గర నుంచి పిల్లల నిద్ర వేళ దాకా అన్నీ మా ఆవిడ సర్దుకున్నాక, నేను వచ్చి ‘ఇంతసేపు టీవీ ఏమిటి?’ అనేవాణ్ణి. ఒకరోజు ఆమె, ‘మీరు వచ్చినప్పుడు చుట్టం వచ్చినట్టు ఉంటే బాగుండేది, ఇన్స్పెక్టరు వచ్చినట్టు ఉంది’ అంది. అప్పటినుంచి మొదటి రోజు ఏదీ మార్చను. ఒక పని మాత్రం నా నెత్తిన వేసుకుంటాను, ఆ రాత్రి వంటింటి గిన్నెలు కడగడమో, మర్నాడు పిల్లలను బడిలో దించడమో. టూరు నుంచి తెచ్చిన మిఠాయి పొట్లం దీనికి బదులు కాదు.

8. రెండు నెలల తరువాత సరిచూసుకోండి

బాగున్నట్టు అనిపించడాన్ని నమ్మకండి, మూడు చోట్ల చూడండి.

పుస్తకంలో: బండిలో రాత్రులు నెలకు రెండుకు మించకూడదు. మించితే మూడో మెట్టులో దూర్చిన చిన్న పనులు ఏవో వెతకండి.

ఒంట్లో: టూరు నుంచి వచ్చిన మూడో రోజు నుంచి వారంపాటు, ఉదయం రెండుసార్లు, రాత్రి రెండుసార్లు బీపీ చూసి రాయండి. చూసే ముందు అరగంట కాఫీ తాగకుండా, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 లేదా అంతకు మించితే టూర్లు తగ్గాయి కదా అని ఊరుకోకుండా డాక్టరుకు ఆ కాగితం చూపించండి. బస్సు దిగిన ఉదయమే చూసి కంగారుపడడం, ఎక్కువ వచ్చిన అంకెను రాయకుండా వదిలేయడం, ఈ రెండూ నేను చేసినవే.

ఆఫీసులో: మీరు టూరులో ఉండగా వెనక ఉన్న సహోద్యోగి మీకు చేసిన ఫోన్లు లెక్కపెట్టండి. అవి తగ్గితే అప్పగింత కాగితం పనిచేస్తున్నట్టు. ఒక్కసారిగా అసలు ఫోన్లే ఆగిపోతే మాత్రం సంతోషించకండి. నాకు అలా జరిగినప్పుడు విచారిస్తే, ఆయన విసిగిపోయి ఫిర్యాదులన్నీ నేను వచ్చేదాకా పక్కన పెడుతున్నాడని తేలింది. కాగితంలో మూడో సంగతి, అంటే ఎంతవరకు నిర్ణయించవచ్చు అన్నది, ఆ నెల నేను రాయలేదు.